నా హక్కుకు నా బాధ్యత వెల కాదు

హక్కులకూ బాధ్యతలకూ సంబంధమేమిటని అడిగితే పాఠ్యపుస్తకం నేర్పిన రెండు మార్కుల జవాబు అందరికీ కంఠతా వస్తుంది: అవి ఒకే నాణేనికి బొమ్మా బొరుసూ. చెప్పడానికి హాయిగా ఉన్న ఈ మాట సగమే నిజం. హక్కుకు ఎదురుగా బాధ్యత ఉంటుందన్నది నిజమే కానీ, ఆ బాధ్యత హక్కుదారుడిది కాదు, ఎదుటివాడిది. నాకు మాట్లాడే హక్కుంటే నా నోరు నొక్కకుండా ఉండవలసిన బాధ్యత ప్రభుత్వానిది.

పన్ను ఎగ్గొట్టిన వాడి ఇంట్లో దొంగలు పడ్డారనుకుందాం. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇస్తే, ముందు పన్ను రసీదు చూపించమని అడిగే అధికారం అక్కడి అధికారికి లేదు. కోర్టు అనుమతి లేకుండానే పోలీసులు దర్యాప్తు చేయగల నేరం జరిగినట్టు ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్ఐఆర్ నమోదు చేయవలసిందేనని సుప్రీంకోర్టు 2013లో లలితా కుమారి కేసులో చెప్పింది. పన్ను బకాయి సంగతి పన్ను చట్టం చూసుకుంటుంది. అలాగే, ఓటు వేయనివాడికి రోడ్డు గుంతల గురించి అడిగే హక్కు లేదని ఎన్నికల కాలంలో తరచూ వినిపించే మాటకు మన చట్టాల్లో ఎక్కడా ఆధారం లేదు.

బాధ్యతను హక్కుకు వెలగా అడిగితే ఏమవుతుందో కేరళలో జరిగిన ఒక వ్యవహారం వివరంగా చూపిస్తుంది. 1985 జులైలో అక్కడి ఒక పాఠశాలలో యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు తోబుట్టువులు ఉదయం ప్రార్థనలో జాతీయ గీతం పాడుతున్నప్పుడు అందరితోపాటు లేచి నిలబడేవారు, పాడేవారు కాదు. అంతకు ముందు వారి అక్కలూ ఏళ్ల తరబడి అలాగే నిలబడినా ఎవరికీ అభ్యంతరం కలగలేదు. ఒక శాసనసభ్యుడి కంట పడి, సభలో ప్రశ్నగా మారిన తర్వాతే అది నేరమైంది. పిల్లలు గీతాన్ని అగౌరవపరచలేదని విచారణ సంఘం తేల్చినా విద్యాశాఖ అధికారి ఆదేశంతో వారిని బడి నుంచి పంపేశారు. గీతంలో ఎవరి మతాన్నీ నొప్పించే పదం లేదంటూ హైకోర్టు వారి మొర తోసిపుచ్చింది. జాతీయ గీతాన్ని గౌరవించడం పౌరుల ప్రాథమిక విధులను చెప్పే రాజ్యాంగంలోని 51-ఎ అధికరణలో మొదటి విధి కాబట్టి, విధి నెరవేర్చని వారికి బడి ఎందుకన్నది అవతలి వాదన.

1986 ఆగస్టులో జస్టిస్ ఒ.చిన్నపరెడ్డి రాసిన సుప్రీంకోర్టు తీర్పు ఈ వాదనను విడదీసి చూసింది. గౌరవంగా నిలబడ్డవారు గౌరవించనట్టు ఎలా అవుతుందన్నది మొదటి సంగతి. పాడి తీరాలని చెప్పే చట్టం ఏదన్నది రెండోది, నా దృష్టిలో అసలైనది. జాతీయ చిహ్నాలకు అవమానాన్ని నిరోధించే 1971 నాటి చట్టం గీతాలాపనను అడ్డుకోవడాన్ని నేరమన్నది కానీ, పాడకపోవడాన్ని అనలేదు. విద్యాశాఖ చేతిలో ఉన్నవి చట్టబలం లేని ఉత్తర్వులు మాత్రమే. మాటకూ మతానికీ 19, 25 అధికరణలు ఇచ్చిన స్వేచ్ఛను తగ్గించాలంటే రాజ్యాంగం అనుమతించిన కారణానికి, చట్టం ద్వారానే తగ్గించాలి. పిల్లల్ని తిరిగి బడిలో చేర్చుకోమని, చదువుకు ఆటంకం లేకుండా చూడమని కోర్టు ఆదేశించింది.

బాధ్యతలకు బలం లేకపోతే వీధులు చెత్తకుండీలవుతాయని కొందరి భయం. అది సహేతుకమైన భయమే, దానికి మందు కూడా ఉంది. చెత్త పారేసినవాడికి జరిమానా వేసే చట్టం చేయవచ్చు, అది అందరికీ ఒకేలా వర్తిస్తుంది, కోర్టులో ప్రశ్నించడానికీ వీలుంటుంది. అంతేగానీ చెత్త పారేశాడు కాబట్టి అతని వినతిపత్రం తీసుకోబోమనడం కుదరదు.

ఇంతకీ ఈ ప్రాథమిక విధులు రాజ్యాంగంలోకి ఎప్పుడు వచ్చాయో గుర్తు చేసుకోవడం మంచిది. 1950లో అవి లేవు. పౌరుల హక్కులు అటకెక్కి, ప్రతిపక్ష నాయకులు జైళ్లలో ఉన్న ఎమర్జెన్సీ కాలంలో, 1976 నాటి 42వ సవరణతో పది విధులు చేరాయి. పిల్లల చదువుకు సంబంధించిన పదకొండోది 2002లో కలిసింది. పన్ను కట్టడాన్ని కూడా చేర్చాలని, ఈ విధులను సూచించిన స్వరణ్ సింగ్ కమిటీ సిఫారసు చేసినా అది జాబితాకెక్కలేదు. ఓటు ప్రస్తావన కూడా అందులో లేదు. పౌరుడి బాధ్యతలనగానే మనం మొదట చెప్పే రెండూ విధుల జాబితాలో లేవన్నమాట, అయినా పరీక్షల్లో వాటికే మార్కులు పడుతున్నాయి.

పౌరుడి బాధ్యతల గురించి గట్టిగా మాట్లాడేవారు ఎక్కువగా అధికారంలో ఉన్నవారే కావడం కాకతాళీయమని నేను అనుకోను. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు అందిన 30 రోజుల్లో జవాబివ్వాల్సింది అధికారి. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే రోజుకు 250 రూపాయల చొప్పున, గరిష్ఠంగా 25,000 రూపాయల దాకా జరిమానా పడేదీ ఆయనకే. ఈ సమాచారం నీకెందుకని దరఖాస్తుదారుణ్ణి అడగకూడదని అదే చట్టంలోని 6వ సెక్షన్ చెబుతోంది. గుమాస్తా బల్ల ముందు నిలబడ్డ మనిషి తాను మంచి పౌరుడినని నిరూపించుకోవలసిన పని అక్కడ లేదు.