అర్ధరాత్రి సేటు రాసిన జవాబు

ఓరుగల్లులో వచనం చచ్చిపోయిందని బాధపడే పెద్దలు రాత్రి పన్నెండు దాటాక ఒకసారి గూగుల్ మ్యాప్స్ తెరిచి, హన్మకొండ హోటళ్ల కింద ఒక్క స్టార్ పడ్డ చోట ఓనర్లు పెట్టిన జవాబులు చూడాలి. పోతన పొలం దున్నుకుంటూ రాశాడంటారు. మా సేట్లు గల్లా లెక్కపెట్టుకుంటూ రాస్తున్నారు. షట్టర్ సగం దించి, కాళ్లు నొప్పులు పెడుతుండగా, కడుపులో మంటతో, ఒక్క వేలితో. ఆ సాహిత్యానికి ఇంతవరకు ఒక్క సన్మానమూ జరగకపోవడం అన్యాయమని నా అభిప్రాయం.

ఉదాహరణకు ఒక సేటును తీసుకుందాం. పేరు వద్దు, బిర్యానీ బాగానే ఉంటుంది. ఒక ఆదివారం రాత్రి ఆయన ఫోన్‌లో ఇది కనిపించింది: "ఫ్యామిలీతో పోయినం. 50 నిమిషాలు కూర్చోబెట్టిర్రు. మటన్ రబ్బరు లెక్కుంది, నిన్నటిదో మొన్నటిదో. అడిగితే వెయిటర్ నవ్విండు. పైసల్ దండుగ."

సేటు రాసిన జవాబును యథాతథంగా ఇస్తున్నాను. "డియర్ సర్, మా హోటల్ ఇరవై ఏండ్ల సంది ఉంది. పెద్ద పెద్ద ఆఫీసర్లు తిన్నరు, ఎవ్వరూ ఇట్ల అనలే. మీరు ఒక్క ఫ్యామిలీ ప్యాక్ తీసుకొని ఆరుగురు తిన్నరు, సీసీ కెమెరాల ఉన్నది. బొక్క కూడా మిగల్చలే. మిమ్మల్ని ఎవరు పంపిన్రో మాకు తెలుసు. దయచేసి మళ్లీ రాగలరు."

చివరి వాక్యంలోని ఆతిథ్యాన్ని గమనించారా! కుట్ర బయటపెట్టాక కూడా భోజనానికి పిలవడం మన దగ్గరే ఉంది.

ఇంత మంచి రచనకు ఉన్న చిన్న లోపం, దాన్ని చదివేవాడెవరో రచయితకు తెలియకపోవడం. సేటు దృష్టిలో పాఠకుడు ఒక్కడే, ఆ రివ్యూ పెట్టినవాడు. వాడికి బుద్ధి చెప్పాలి. కానీ వాడు అప్పటికే తిని, తిట్టి, పడుకున్నాడు. అసలు పాఠకుడు మరుసటి మధ్యాహ్నం కాజీపేట జంక్షన్‌లో రైలు దిగుతాడు. భద్రకాళి గుడికి పోయి, తర్వాత ఎక్కడ తినాలో వెతుకుతాడు. ఐదు స్టార్ల రివ్యూలు అతను నమ్మడు, సగం మేనల్లుళ్లవే అని అతనికీ తెలుసు. తక్కువ రేటింగ్ ఉన్నవి ముందు వచ్చేట్టు పెట్టుకుని చదువుతాడు. మటన్ నిన్నటిదా మొన్నటిదా అని తీర్పు చెప్పే ఓపిక అతనికి లేదు. తన టేబుల్ మీద ఏదైనా తేడా వస్తే ఈ హోటలోడు ఏం చేస్తాడన్నదే అతనికి కావాలి. సేటు జవాబులో దానికి సమాధానం స్పష్టంగా ఉంది: కెమెరాలో బొక్కలు లెక్కబెడతాడు.

పొద్దున సేటు కొడుకు లేచి, నాన్న రాసింది చదివి, చాయ్ కూడా తాగకుండా దాన్ని తీసేశాడు. మన జవాబు మనం ఎప్పుడైనా దిద్దుకోవచ్చు, తీసేయొచ్చు. ఎదుటివాడి రివ్యూను మాత్రం తీసే అధికారం ఓనర్‌కు లేదు. "రిపోర్ట్ కొట్టురా" అన్నాడు సేటు. బూతులు, అసలు సంబంధం లేని రాతలు, పోటీ హోటలోళ్లు పెట్టినవి అయితే రిపోర్ట్ చేయొచ్చు. మటన్ ఉడికిందా లేదా అన్న పంచాయితీలోకి గూగుల్ దిగదు. "పోనీ, ఫోన్ చేసి ఫ్రీగా ఒక ఫ్యామిలీ ప్యాక్ ఇస్తమందాం, తీసేస్తడు." అదీ గూగుల్ నిబంధనలకు విరుద్ధం. పైగా ఆ మాట స్క్రీన్‌షాట్ అయి రెండో రివ్యూగా వస్తుంది.

ఇలా గౌరవప్రదమైన దారులన్నీ మూసుకుపోయాక, కొడుకు అత్యంత అవమానకరమైన పని చేశాడు. జరిగిందేమిటో కనుక్కున్నాడు.

కిచెన్‌కు పోయిన ఆర్డర్ స్లిప్పు తీస్తే 1:52 అని ఉంది. బిర్యానీ టేబుల్‌కు చేరింది 2:38కి. అంటే 46 నిమిషాలు. "చూసినవా, యాభై అని అబద్ధం!" అని సేటు లేచాడు. ఆ నాలుగు నిమిషాల కోసం కోట్లాడితే గెలిచేదేమీ లేదని కూర్చోబెట్టేసరికి పది గంటలైంది.

తర్వాత మాస్టర్‌ను పిలిచారు. నానబెట్టిన పచ్చి మటన్ కింద, సగం ఉడికిన బియ్యం పైన పెట్టి మూత బిగిస్తే, పైన అన్నం ముందే విచ్చుకుంటుంది. కింద మాంసం ఇంకా గట్టిగానే ఉంటుంది. మూత తీసి చూసినవాడికి మాత్రం అయిపోయినట్టే కనిపిస్తుంది. ఆదివారం రద్దీలో మొదటి డేక్సా ఖాళీ అయింది, కౌంటర్ నుంచి సేటే కేకలేశాడు, రెండో డేక్సా దమ్ పూర్తికాకముందే మూత లేచింది. "నువ్వే తియ్యమన్నవ్ కద సేటు" అన్నాడు మాస్టర్. మటన్ మాత్రం ఆ పొద్దున తెచ్చిందే, చీటీ ఉంది. వెయిటర్ నవ్వింది వేరే టేబుల్ మాటకట. అది నిజమే కావచ్చు. కానీ రివ్యూ కింద ఆ ముక్క రాస్తే వినేవాడెవడు?

చివరికి పెట్టిన జవాబు ఇది. సాహిత్య విలువలు ఎంత దిగజారాయో మీరే చూడండి.

"ఆ రోజు మీకు 46 నిమిషాలు పట్టినట్టు మా స్లిప్పులోనూ ఉంది. మటన్ ఉడకలేదన్నది నిజం. రద్దీలో రెండో డేక్సా దమ్ పూర్తికాకముందే తీశాం. మాంసం ఆ పొద్దున తెచ్చిందే, గట్టిగా ఉండటానికి కారణం మా తొందర. మీరు చెప్పినప్పుడు వెంటనే ప్లేటు మార్చాల్సింది, మార్చలేదు. క్షమించండి. ఈ ఆదివారం నుంచి రెండో డేక్సా తీసే టైం కౌంటర్ దగ్గర బోర్డు మీద రాస్తున్నాం. ఆలోపు వచ్చినవాళ్లకు ఎంతసేపు ఆగాలో ముందే చెప్తాం. బిల్లు విషయం మాట్లాడటానికి ఒకసారి ఫోన్ చేయండి. - ఓనర్"

ఇరవై ఏండ్ల చరిత్ర ఎక్కడ? ఆఫీసర్లు ఎక్కడ? ఆరుగురు తిన్న సంగతి ఎక్కడ? నిన్నటి మటన్ అన్న నింద ఒక్కటే అబద్ధం. దాన్ని ఖండించడానికి కూడా ఒకే ఒక్క వాక్యం, అదీ తప్పు ఒప్పుకున్నాక, అదీ నేరం మళ్లీ తన మీదే వేసుకుంటూ! ఆశ్చర్యం ఏమిటంటే, మటన్ తాజాదన్న మాట అక్కడే నమ్మబుద్ధవుతుంది. వెయిటర్‌ను పీకేశామని రాసి చేతులు దులుపుకోవచ్చు కదా, అదీ చేయలేదు. ఆ మాట చదివితే జనం వెయిటర్ మీదే జాలిపడతారని కొడుకు లెక్క.

ఈ విజయంతో ఉత్సాహం వచ్చి సేటు అదే జవాబును కాపీ చేసి, ఏసీ పనిచేయలేదన్న రివ్యూ కింద కూడా పెట్టాడు. ఏసీకి దమ్ ఏమిటని జనం అడిగాక తీసేశాడు.

ఒక్క స్టార్ పెట్టినాయన ఫోన్ చేయలేదు. స్టారూ మార్చలేదు, అలాగే ఉంది. కాకపోతే ఆ తర్వాతి ఆదివారాలు మధ్యాహ్నం రెండింటికి కొత్త మొహాలు లోపలికి రావడం, కూర్చోకముందే కౌంటర్ దగ్గర బోర్డు చదవడం మొదలైంది. "రెండో డేక్సా 2:20 అని రాసిర్రు, మేం 2:20కే వస్తం" అని కొందరు బయట నిలబడుతున్నారు. ఒకాయన నేరుగా కిచెన్ తలుపు దాకా పోయి మాస్టర్‌నే అడిగాడు, దమ్ అయిందా అని.

మాస్టర్ గరిటె పక్కన పెట్టి కౌంటర్ దగ్గరికొచ్చాడు. "సేటు, మన వంట సంగతులు ఊరందరికి ఎందుకు చెప్పినవ్? ఇప్పుడు నువ్వు తియ్యమన్నా నేను తియ్య."