బ్లర్ కొడితే ముందు పోయేది ముడత కాదు, బట్ట బరువు

“ఫొటోలో చొక్కా ముడతలు తీయడానికి గంటలు కూర్చోనక్కర్లేదు. ఫ్రీక్వెన్సీ సెపరేషన్ చేసి, లో లేయర్‌లో చొక్కా మొత్తాన్ని లాసోతో చుట్టి గాసియన్ బ్లర్ 30 కొట్టండి. నేత హై లేయర్‌లో భద్రంగా ఉంటుంది కాబట్టి బట్ట సహజంగానే కనిపిస్తుంది. రెండు నిమిషాల పని.”

ఫొటోషాప్‌లో ఫొటోలు దిద్దేవాళ్లకు వినిపించే సలహా ఇది. ఫ్రీక్వెన్సీ సెపరేషన్ అంటే ఫొటోను రెండు పొరలుగా విడదీయడం: రంగు, మెత్తటి నీడలు లో లేయర్‌లోకి, నేత లాంటి సన్నటి వివరాలు హై లేయర్‌లోకి వెళ్తాయి. నేత భద్రంగా ఉంటుందన్న మాట వరకు నిజమే. కానీ బట్ట బరువు మన కంటికి తెలిసేది నేతను బట్టి కాదు, అది ఒంటి మీద వేలాడే తీరును బట్టి. దళసరి బట్టకు మడతలు తక్కువగా, వెడల్పుగా, గుండ్రంగా పడతాయి. వాటి మీద వెలుగు నీడలోకి మెల్లగా జారుతుంది. పల్చటి బట్టకు సన్నటి మడతలు ఎక్కువ, నీడ చటుక్కున మారిపోతుంది. ఈ వెలుగునీడల్లో ఎక్కువ భాగం ఉండేది లో లేయర్‌లోనే. అక్కడ చొక్కా మొత్తానికి బ్లర్ కొడితే మిగిలేది చదునైన రంగు, దాని మీద నేత గీతలు. అది చొక్కాలా ఉండదు, అట్టకు అంటించిన వాల్‌పేపర్‌లా ఉంటుంది.

అసలు అన్ని ముడతల్నీ ఒకే గాటన కట్టడంలోనే పొరపాటుంది. చంక దగ్గర, మోచేతి మడత దగ్గర, నడుం దగ్గర పడేవి శరీరం వల్ల వచ్చినవి. బట్ట ఎక్కడో ఒకచోట పట్టుకుంటుంది, మడత అక్కడి నుంచి బయల్దేరి పోనుపోను సన్నబడుతుంది. పెట్టెలో మడతపెట్టి ఉంచినందువల్లో, కూర్చుని లేచినందువల్లో పడ్డ గీతలకు అలాంటి మొదలు ఉండదు, శరీరం ఆకారంతో సంబంధం లేకుండా అడ్డంగా పోతాయి. తీయాల్సింది ఈ రెండో రకాన్ని. మొదటి రకాన్ని పూర్తిగా తీసేస్తే చెయ్యి భుజానికి అతికించినట్టు ఉంటుంది.

పోనీ, బ్లర్‌తో ముడతైనా పూర్తిగా పోతుందా అంటే అదీ లేదు. చాలా ముడతలకు వెడల్పాటి నీడతో పాటు అంచున ఒక పదునైన సన్నగీత ఉంటుంది. నీడ లో లేయర్‌లోకి, గీత హై లేయర్‌లోకి వెళ్తాయి. లో లేయర్‌ను ఎంత బ్లర్ చేసినా ఆ గీత కదలదు. చదునైపోయిన చొక్కా మీద ఆధారం లేని గీతలు తేలుతుంటే, ఫొటోను ఎవరో దిద్దారని ఇట్టే తెలిసిపోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. సెలక్షన్ లోపల చేసిన బ్లర్ దాని బయటి రంగును కూడా లోపలికి లాగుతుంది. అందుకే కాలర్ అంచున మెడ చర్మం రంగు మరకలా పాకుతుంది.

మరి ఎలా చేయాలి? లేత నీలం కాటన్ చొక్కా, నడుం వరకు తీసిన ఫొటో, వెలుగు ఎడమ నుంచి పడుతోంది అనుకుందాం. పొట్ట మీద అడ్డంగా రెండు మడత గీతలు, మూడో బొత్తాం దగ్గర చిన్న లాగుడు, చంక నుంచి ఏటవాలుగా దిగే మడతలు ఉన్నాయి. సెపరేషన్ చేసేటప్పుడు నేత అప్పుడే కనిపించకుండా పోయి, ముడత నీడ మాత్రం ఇంకా ఉన్నచోట బ్లర్ రేడియస్ ఆపాలి. 24 మెగాపిక్సెల్ ఫొటోలో అది 6 నుంచి 8 పిక్సెల్స్ మధ్య ఉండొచ్చు, కానీ అంకె కన్నా కన్నునే నమ్మాలి. ముందు హై లేయర్ పని. క్లోన్ స్టాంప్‌లో Sample దగ్గర Current Layer పెట్టి, దారం వెళ్తున్న దిశలోనే పక్క నేతను తెచ్చి పొట్ట మీది రెండు గీతల్నీ కప్పాలి. దిశ తప్పితే అతుకు కనిపిస్తుంది.

నీడల పనికి బ్లర్ అక్కర్లేదు. పైన రెండు కర్వ్స్ లేయర్లు వేయాలి, ఒకటి వెలుగు పెంచడానికి, ఒకటి తగ్గించడానికి. రెండింటి మాస్కులూ నల్లగా ఉంచి, బ్లెండ్ మోడ్ Luminosity పెడితే రంగు గాఢత మారదు. ఆ మాస్కుల మీద తెల్ల రంగుతో పూయాలి: మెత్తటి బ్రష్, ఫ్లో 2 లేదా 3 శాతం. ముడతలో నీడపడ్డ వైపును కొంచెం లేపి, మెరిసే వైపును కొంచెం దించాలి. అడ్డగీతలు పూర్తిగా కలిసిపోవాలి. బొత్తాం దగ్గరి లాగుడు సగం తగ్గితే చాలు. చంక మడతల జోలికి వెళ్లకుండా, వాటి మీదుగా అడ్డంగా పోయే చిన్న గీతల్ని మాత్రమే తీయాలి. అనుభవం ఉన్నవాళ్లకైనా ఈ చొక్కాకు అరగంట పడుతుంది.

అతి అయిందో లేదో తెలుసుకోవడానికి పైన తాత్కాలికంగా ఒక బ్లాక్ అండ్ వైట్ లేయర్ వేసి, ఫొటోను బొటనవేలంత చేసి చూడండి. వెలుగు ఎటు నుంచి వస్తోందో, ఛాతీ ఎక్కడ గుండ్రంగా తిరుగుతోందో చొక్కాను చూసే చెప్పగలగాలి. అక్కడ ఒకే బూడిదరంగు పరుచుకుని ఉంటే, కర్వ్స్ లేయర్ల ఒపాసిటీని 70 దాకా దించండి.

చారల చొక్కాకు ఇది ఒక్కటే సరిపోదు. ముడత దగ్గర నీడతో పాటు చార కూడా వంగిపోతుంది. సెపరేషన్‌కు ముందే వార్ప్‌తో చారను సరిచేసుకోవాలి. ఆ తర్వాత కూడా నీడను మరీ చదును చేయకూడదు, ఎందుకంటే చార తిన్నగా, నీడ లేకుండా ఉన్నచోట బట్ట ఇంకా పల్చగా కనిపిస్తుంది.