అప్రెంటిస్ స్టైపెండ్, ట్రైనీ జీతం ఒకటి కావు

ఐటీఐ కుర్రాళ్ల మధ్య ఒక సందేశం తిరుగుతోంది: “వైజాగ్ ఐటీఐ తమ్ముళ్లూ, అప్రెంటిస్‌లో చేరి మోసపోకండి! చట్టం ఏడు వేలంటుంది, ఖాతాలో పడేది ఐదున్నర వేలే. కంపెనీ ట్రైనీగా చేరితే చేతికి పది వేలు. పని ఒకటే, పేరే తేడా. కనీస వేతనం ఎలాగూ ఇద్దరికీ రాదు.”

ముందు ఐదున్నర వేల సంగతి. 2019లో సవరించిన అప్రెంటిస్‌షిప్ నిబంధనల ప్రకారం ఐటీఐ పాసైనవారికి కనీస స్టైపెండ్ నెలకు 7,000. ఒప్పందం జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద ఉంటే, స్టైపెండ్‌లో నాలుగో వంతు కేంద్రం ఇస్తుంది, కాకపోతే 1,500 మించదు. ఏడు వేలలో నాలుగో వంతు 1,750 కాబట్టి 1,500 దగ్గరే ఆగుతుంది. అది నేరుగా మీ ఖాతాలో పడుతుంది. తక్కిన 5,500 కంపెనీ వేస్తుంది. రెండు జమలూ ఒకే రోజు రావు, అందుకే కంపెనీ జమ ఒక్కటే చూసినవాళ్లు డబ్బు మింగేశారనుకుంటారు.

ఆ 1,500 నిజంగానే రాకపోవడమూ ఉంది. దానికి సాధారణంగా రెండు కారణాలు. బ్యాంకు ఖాతా ఆధార్ జమలకు అనుసంధానం కాకపోవడం ఒకటి. కంపెనీ తన వాటా చెల్లించిన వివరాలను అప్రెంటిస్‌షిప్ పోర్టల్ apprenticeshipindia.gov.in లో ఎక్కించకపోవడం రెండోది. మొదటిది బ్యాంకులో మీరే సరిచేసుకోవాలి, రెండోది కంపెనీ హెచ్ఆర్ పని. ఒప్పందం ఆ పథకం కింద లేకపోతే మాత్రం ఏడు వేలూ కంపెనీయే ఇవ్వాలి, అప్పుడు 5,500 ఇవ్వడం ఉల్లంఘనే.

7,000 అనేది అడుగు గీత మాత్రమే, ఎక్కువ ఇవ్వడానికి కంపెనీకి అడ్డేమీ లేదు. ఈ రేట్లు పెంచాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫారసు చేసింది. సిఫారసును చూపించి అడగలేం, మీకు వర్తించేది నోటిఫై అయి అమల్లో ఉన్న రేటే.

ఇక “పేరే తేడా” అన్న మాట. అసలు నష్టం చేసేది ఇదే. 1961 అప్రెంటిస్ చట్టం కింద చేరినవాడు చట్టం దృష్టిలో కార్మికుడు కాదు, శిక్షణ పొందేవాడు. అందుకే అతనికి కనీస వేతనం, పీఎఫ్ వర్తించవు. ఈ మేరకు సందేశంలో నిజం ఉంది. కానీ దానికి బదులుగా కంపెనీ చేతులను కూడా చట్టం కట్టేసింది: పీస్ రేటు మీద డబ్బివ్వకూడదు, ప్రభుత్వ అధికారి అయిన అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు, పనిలో గాయపడితే పరిహారం చెల్లించాలి. చివర్లో పరీక్ష పాసైతే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది.

ఈ మినహాయింపు ఆ చట్టం కింద ఒప్పందం ఉన్నవారి విషయంలోనే. 2019 వేతనాల కోడ్‌లో ఉద్యోగి నిర్వచనం శిక్షణ పొందేవారిలో అప్రెంటిస్ చట్టం కింద ఉన్నవారిని మాత్రమే పక్కన పెట్టింది. గాజువాక ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్ ఫిట్టర్‌ను పది వేలకు “ట్రైనీ”గా తీసుకుని, మొదటి వారం నుంచే ఆర్డర్ పనిలో పెట్టిందనుకుందాం. పోర్టల్‌లో ఒప్పందం లేదు. అప్పుడతను జీతానికి పనిచేస్తున్న మనిషే. ఆ పనికి రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనం, కరువు భత్యంతో కలిపి, పది వేలకన్నా ఎక్కువుంటే ఆ తేడా అతనికి రావాల్సిన బాకీ. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు రేటు ఇవ్వాలి. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే చోట పీఎఫ్ కూడా.

చేతికొచ్చే మొత్తాన్నే పోల్చడం అందుకే తప్పుదారి. పది వేల మీద పీఎఫ్ సక్రమంగా కడితే 12 శాతం, అంటే 1,200 కోత పడి చేతికి 8,800 వస్తుంది, కంపెనీ కూడా తన వంతు 1,200 జమ చేస్తుంది. ఈఎస్ఐ ఉంటే ఇంకో 75 పోతుంది, దానికి వైద్యం దొరుకుతుంది. ఏ కోతా లేకుండా పది వేలు పూర్తిగా చేతికొస్తోందంటే సంతోషించకండి, పీఎఫ్, ఈఎస్ఐ ఎందుకు కట్టడం లేదో అడగండి.

చేరేముందు ఆఫర్ లెటర్‌లో “అప్రెంటిస్” అని రాసి ఉందా లేదా అన్నది కొలబద్ద కాదు. apprenticeshipindia.gov.in లో మీ లాగిన్ కింద ఒప్పందం కనిపించాలి. అందులో ట్రేడ్, శిక్షణ మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, స్టైపెండ్ నాలుగూ మీకు చెప్పినవే ఉన్నాయో లేదో చూడండి. తర్వాత ఎక్కిస్తామని నెలల తరబడి వాయిదా వేస్తుంటే, ఆ నెలలు మీ శిక్షణ కాలంలోకి చేరవు.

ఒప్పందం ఉండి స్టైపెండ్ తగ్గినా, తర్వాతి నెల పదో తేదీ దాటినా ఫిర్యాదు అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్‌కు. ఒప్పందమే లేకుండా పని చేయించుకుంటుంటే దారి కార్మిక శాఖ, వేతన బాకీకి మూడేళ్లలోపు అర్జీ పెట్టాలి. హాజరు, షిఫ్టు వివరాలు, బ్యాంకు స్టేట్‌మెంట్, సూపర్‌వైజర్ పంపిన పని మెసేజ్‌లు దాచిపెట్టుకోండి. “నేర్చుకోవడానికే వచ్చాడు” అని యజమాని అన్నప్పుడు మీరు చేసింది ఉత్పత్తి పనే అని చూపించేవి అవే.