స్టోరు లెక్క తెలిసిన హవల్దార్‌ను గేటు దగ్గరే నిలబెడుతున్నాం

హైదరాబాద్ శివార్లలో, మేడ్చల్ వైపు వెళ్ళినా శంషాబాద్ వైపు వెళ్ళినా, పెద్ద గోదాముల గేటు దగ్గర లారీల నంబర్లు రాసుకుంటూ ఒక మాజీ సైనికుడు కనిపిస్తాడు. లోపల ఇన్వెంటరీ డెస్కు దగ్గర మాత్రం స్టాకు లెక్క తేలక తల పట్టుకున్న కుర్రాళ్ళు ఉంటారు. గేటు దగ్గరున్న ఆ మనిషి సర్వీసులో ఉండగా సరిగ్గా ఆ లోపలి పనే చేసి ఉండవచ్చునని అక్కడ ఎవరికీ తట్టదు. ఆర్మీ సర్వీస్ కోర్‌లో పనిచేసి రిటైరై, ప్రస్తుతం ఇదే గోదాముల రంగంలో మనుషులను ఎంపిక చేసే పనిలో ఉన్నాను కనుక, ఈ విషయంలో నాకున్న అసహనాన్ని కాస్త వివరంగానే రాస్తున్నాను.

నేను మాట్లాడుతున్నది కల్నళ్ళ గురించి కాదు. రిటైరయ్యే ఆఫీసర్ల కోసం ఐఐఎంల వంటి సంస్థల్లో కోర్సులున్నాయి, వారికి పరిచయాలున్నాయి, కంపెనీలు వారిని పిలిచి కూర్చోబెడతాయి. నలభై ఏళ్ళ ప్రాంతంలో పెన్షన్‌తో ఊరికి వచ్చేసి, పిల్లల చదువు కోసం రెండో ఉద్యోగం వెతుక్కునే హవల్దార్లు, నాయబ్ సుబేదార్ల సంగతి వేరు. వారికి మొదట ఎదురయ్యేది సెక్యూరిటీ ఏజెన్సీ. అక్కడ నెల తిరగకుండానే ఉద్యోగం దొరుకుతుంది, చాలామంది మరో దారి చూడకుండా అక్కడే ఆగిపోతారు.

కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్, అంటే మేమందరం సీక్యూఎంహెచ్ అని పిలిచే మనిషి, ఏం చేస్తాడో చూడండి. ఇన్‌ఫెంట్రీ కంపెనీలో వందకు పైగా జవాన్లుంటారు. వారి దుస్తులు, పరుపులు, టెంట్లు, వంట పాత్రలు, మంచు ప్రాంతానికి కావలసిన బూట్లు, కోట్లు అన్నీ అతని చార్జిలో ఉంటాయి. వచ్చిన ప్రతి వస్తువుకూ రసీదు వోచరు, ఇచ్చిన ప్రతి వస్తువుకూ ఇష్యూ వోచరు, వాటికి సరిపోయే లెడ్జరు ఉండాలి. వాడితే అయిపోయేవి ఒక లెక్క, వాపసు రావలసినవి మరో లెక్క. పదవి మారే రోజున కొత్తగా వచ్చిన వ్యక్తి ఒక్కొక్క వస్తువును చేత్తో ముట్టుకుని లెక్కపెట్టి సంతకం చేస్తాడు, తగ్గినదానికి పాత వ్యక్తి జవాబు చెప్పాలి. ఏటా ఆడిట్ కూడా ఉంటుంది. గోదాములో ఇన్వెంటరీ కంట్రోలర్ చేయవలసిన పని దాదాపు ఇదే. అక్కడి రసీదు వోచరే ఇక్కడి జీఆర్ఎన్, అక్కడి చార్జి అప్పగింతే ఇక్కడి స్టాకు ఆడిట్.

ఈ మధ్య మా దగ్గరికి ఒక దరఖాస్తు వచ్చింది. రెండు పేజీల బయోడేటాలో మొదటి పేజీ సగం పతకాలు, తర్వాత ఇరవై నాలుగేళ్ళ సర్వీసు, క్రమశిక్షణ, నాయకత్వ లక్షణాలు, ఎటువంటి వాతావరణంలోనైనా పనిచేయగలననే వాక్యం ఉన్నాయి. చివరి కొన్నేళ్ళు సీక్యూఎంహెచ్‌గా చేసిన సంగతి ఒకే ఒక్క పంక్తిలో, అది కూడా పొడి అక్షరాల్లో ఉంది. మా హెచ్ఆర్ అమ్మాయి దానిని సెక్యూరిటీ సూపర్‌వైజర్ ఫైల్లో పెట్టింది. ఆమెను తప్పుపట్టలేను, ఆ కాగితం చదివితే ఎవరికైనా అదే అర్థమవుతుంది. నేను ఆయనకు ఫోన్ చేసి, పతకాలను ఆఖరున ఒక పంక్తికి కుదించి, పైన పని రాయమన్నాను: ఎంతమందికి సరఫరా చూశారు, సుమారుగా ఎన్ని వందల రకాల వస్తువులు చార్జిలో ఉండేవి, ఎంత తరచుగా లెక్కపెట్టేవారు, చివరి అప్పగింతలో తేడా ఎంత వచ్చింది, కింద ఎంతమంది స్టోర్‌మెన్ ఉండేవారు. అదే మనిషి, అదే సర్వీసు, కానీ రెండో కాగితం నేరుగా ఆపరేషన్స్ మేనేజరు బల్ల మీదికి వెళ్ళింది.

ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. యూనిట్ ఎక్కడ ఉండేది, ఏ పోస్టులో ఎంతమంది ఉన్నారు, ఏ ఆయుధాలు ఎన్ని ఉన్నాయి అనేవి బయోడేటాలోనూ రాయకూడదు, ఆన్‌లైన్ ప్రొఫైల్లోనూ పెట్టకూడదు. “ఎత్తైన మంచు ప్రాంతంలో వందమందికి పైగా సిబ్బందికి” అని రాస్తే చాలు, ఉద్యోగమిచ్చేవాడికి అంతకు మించి అవసరం లేదు.

ఇంతవరకు కంపెనీల మీద, మావాళ్ళ కాగితాల మీద ఫిర్యాదు చేశాను. కానీ పని పూర్తిగా ఒకటేనని చెబితే అది అబద్ధమవుతుంది. మేము లదాఖ్ వైపు శీతకాలపు నిల్వలు చేసేటప్పుడు, పదకొండు వేల అడుగులకు పైనున్న జోజిలా కనుమ మంచుతో మూసుకుపోయేలోగా, నెలల తరబడికి సరిపడే రేషన్, కిరోసిన్, డీజిల్ పైకి చేరవేయాలి. అక్కడ ఎక్కువ నిల్వ ఉండడం తప్పు కాదు, తక్కువ పడడమే ఘోరమైన తప్పు. ఆ అలవాటుతో వచ్చిన మనిషి గోదాములో కూడా “ఎందుకైనా మంచిది, ఉండనీ” అంటాడు. కానీ వ్యాపారంలో కదలకుండా పడి ఉన్న సరుకంటే వడ్డీ కడుతున్న డబ్బు, అద్దె కడుతున్న చోటు, దగ్గరపడుతున్న ఎక్స్‌పైరీ. మాజీ సైనికుడు నేర్చుకోవలసిన అసలు పాఠం ఇదే తప్ప, అందరూ భయపెట్టే సాఫ్ట్‌వేర్ కాదు. స్కానర్‌తో పనిచేయడం, స్టాకు ఎంట్రీలు వేయడం లెడ్జరు రాసిన చేతికి కొన్ని వారాల్లో అలవాటవుతాయి. నిల్వ పట్ల ఉన్న భావం మారడానికే ఎక్కువ కాలం పడుతుంది. పైవాళ్ళు దానిని మొండితనంగా చూడకుండా ఖర్చు అంకెలు ముందు పెట్టి మాట్లాడితే, ఆ మార్పు త్వరగా వస్తుంది.

రెండో తేడా మనుషులతో. సెక్షన్‌లో జవాను రేపు ఉదయం కూడా ఫాల్‌ఇన్‌కు వస్తాడు. లోడింగ్ బే దగ్గర కాంట్రాక్టు కుర్రాడు పక్క గోదాములో రోజుకు యాభై రూపాయలు ఎక్కువిస్తే మధ్యాహ్నానికే మాయమవుతాడు. గొంతు పెంచితే ఇంకా త్వరగా పోతాడు. ఈ పరిస్థితిని తట్టుకున్నవారిని చూశాను, మూడు నెలల్లో వదిలేసి వెళ్ళినవారినీ చూశాను. నిలబడినవారిలో ఎక్కువమంది ప్లటూన్‌లో కొత్త రిక్రూట్లకు పని నేర్పిన అనుభవం ఉన్నవారే. నాయకత్వం అని కాగితం మీద రాసే బదులు, ఎవరికి ఏ పని నేర్పారో రాస్తే ఆ సంగతి ముందే తెలుస్తుంది.

కంపెనీలకు ఒక మాట. డిగ్రీ లేదని కంప్యూటరే దరఖాస్తును పక్కన పడేసే పద్ధతి ఈ ఉద్యోగాలకైనా తీసేయండి. పదో తరగతి పాసై పదిహేనేళ్ళ సర్వీసు చేసిన వ్యక్తిని, సాంకేతిక అనుభవం అడగని గ్రూప్ సి రిజర్వుడు ఖాళీలకు కేంద్ర ప్రభుత్వమే డిగ్రీ ఉన్నవాడితో సమానంగా పరిగణిస్తుంది. మీ ఫారంలో ఆ గడి లేకపోవడం ఆయన లోపం కాదు. ఇంటర్వ్యూలో కూడా దేశభక్తి గురించి, సరిహద్దు కథల గురించి అడగకండి. “మీ చివరి చార్జి అప్పగింతలో ఏం తగ్గింది, దానిని ఎలా తేల్చారు?” అని అడగండి. “ఏమీ తగ్గలేదు సార్” అని టక్కున చెప్పేవాడికన్నా, రెండు దుప్పట్లు తగ్గాయనీ, అవి ఏ తాత్కాలిక ఇష్యూలో పోయాయో పాత వోచర్లు తిరగేసి కనిపెట్టాననీ, ఒకటి తిరిగి రాబట్టి రెండోదానికి లాస్ స్టేట్‌మెంట్ పెట్టాననీ చెప్పేవాడిని తీసుకోండి.