ముప్పై నాలుగు బిల్లులు, నాలుగే ప్రయత్నాలు

డబ్బు కట్టేసిన మనిషికి ఫోన్ చేసి, ఇంకా బాకీ ఉందని అడిగారు. ఒకసారి కాదు, ఇద్దరు ఓనర్లకు ఆరు సార్లు. దానికి కారణం నేను రాసిన ఒక్క లైను, `int total = 1 << n;`. ఈ లైనును కోచింగ్ సెంటర్లలో బోర్డు మీద ఎలా నేర్పుతున్నారో తలుచుకుంటే కోపం వస్తోంది. అందుకే ఇంత పొడుగు పోస్ట్.

మన ఫిషింగ్ హార్బర్‌కి ఐసు సరఫరా చేసే ఒక చిన్న ఫ్యాక్టరీకి లెక్కల ప్రోగ్రామ్ రాసిచ్చాను. బోటు వేటకు బయల్దేరే ముందు ఐసు నింపుకుంటుంది, బిల్లు ఓనరు ఖాతాలో పడుతుంది. ఓనరు వీలున్నప్పుడు ఒక మొత్తం బ్యాంకులో వేస్తాడు. అది ఏ బిల్లులకో చెప్పడు. పాతవి ముందు, కొత్తవి తర్వాత అన్న వరస కూడా ఉండదు. ఏ బోటుకి చేపలు బాగా పడితే ఆ బోటు బిల్లులు తీరుస్తాడు. కాబట్టి గుమాస్తా గారు కూర్చుని, వచ్చిన మొత్తం ఏయే బిల్లులు కలిపితే సరిపోతుందో కాలిక్యులేటర్ మీద వెతుక్కునేవారు. ఆ వెతుకులాట ప్రోగ్రామ్ చేయాలి.

దీనికి బిట్‌మాస్క్ చక్కగా సరిపోతుంది. మూడు బిల్లులున్నాయనుకోండి: 4,200, 6,500, 5,100. ఒక్కో బిల్లు ఉంటుంది లేదా ఉండదు, అంటే ఒక్కో బిల్లుకి ఒక్కో బిట్. మూడు బిట్లతో 0 నుంచి 7 వరకు ఎనిమిది అంకెలు వస్తాయి. ఎనిమిది సబ్‌సెట్లూ అవే. 5 అంటే బైనరీలో 101, అంటే మొదటి బిల్లూ మూడో బిల్లూ కలిపి 9,300. బ్యాంకులో 9,300 పడితే జత దొరికినట్టే. రికర్షన్ అక్కర్లేదు, రెండు లూపులు చాలు:

```java
int total = 1 << n;
for (int mask = 0; mask < total; mask++) {
    long sum = 0;
    for (int i = 0; i < n; i++)
        if ((mask & (1 << i)) != 0) sum += bill[i];
    if (sum == paid) show(mask);
}
```

ఇది మే నెలలో రాశాను. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు చేపల వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, ఐసు అడిగేవాళ్లు ఉండరు. ఒక్కో ఓనరు పేరు మీద పది, పన్నెండు పాత బిల్లులు మిగిలి ఉన్నాయి. పన్నెండు బిల్లులంటే 4,096 సబ్‌సెట్లు. ఎంటర్ కొట్టగానే జవాబు. పాత లెక్కలతో పోల్చి చూశాం, అన్నీ సరిపోయాయి. అందరం సంతోషించాం.

నిషేధం ఎత్తేశాక బోట్లు కదిలాయి, బిల్లులు పెరిగాయి. ఆగస్టు చివర్లో గుమాస్తా గారు ఫోన్ చేసి ఒక మాటన్నారు: "బాబూ, బిల్లులు ముప్పై ఉన్నప్పుడు అరనిమిషం తిరిగేది. ఇప్పుడు ముప్పై నాలుగు ఉన్నాయి, కొట్టగానే వచ్చేస్తంది. కానీ ఒక్కటీ జత కుదరట్లేదంటంది. ఇదేటి?"

అసలు విషయమంతా ఆ మాటలోనే ఉంది. ఒక బిల్లు పెరిగితే సబ్‌సెట్లు రెట్టింపవుతాయి, కాబట్టి పని కూడా రెట్టింపుకి కాస్త ఎక్కువే అవ్వాలి. 25 బిల్లులకు మూడున్నర కోట్లకు కాస్త తక్కువ సబ్‌సెట్లు, అది సెకనులో అయిపోతుంది. 30కి 107 కోట్లు, లోపలి లూపుతో కలిపి 3,200 కోట్ల పైచిలుకు అడుగులు, అందుకే అరనిమిషం. 34కి కొన్ని నిమిషాలు పట్టాల్సింది పోయి రెప్పపాటులో అయిపోతోందంటే, పని జరగడం లేదని అర్థం. ఆ లోగా జత కుదరని డబ్బునంతా ఆయన అడ్వాన్స్ కింద రాసేశారు. బిల్లులు బాకీగానే మిగిలాయి. ఫోన్లు వెళ్లింది అందుకే.

అక్కడికి వెళ్లి `total` విలువ ప్రింట్ చేశాను. స్క్రీన్ మీద 4 అని వచ్చింది.

జావాలో `int` అంటే 32 బిట్లు. ఎడమ వైపు `int` ఉన్నప్పుడు ఎంత జరపాలన్న అంకెలో చివరి ఐదు బిట్లే లెక్కలోకి వస్తాయి. అంటే 32తో భాగించి శేషం తీసుకున్నట్టు. 34లో 32 పోగా 2, కాబట్టి `1 << 34` అంటే `1 << 2`, అంటే 4. ఇది పొరపాటు కూడా కాదు, భాష నియమమే అలా ఉంది. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. బిల్లులు 31 అయితే ఇంకో రకం: `1 << 31` మైనస్ 2147483648 అవుతుంది, సున్నా అంతకంటే చిన్నది కాదు కాబట్టి లూపులోకి అడుగే పెట్టదు. 32 అయితే 1 వస్తుంది, ఖాళీ సబ్‌సెట్ ఒక్కటే చూసి ఆగిపోతుంది.

మా 34 బిల్లుల కేసులో చూసిన ఆ నాలుగింటిలో ఖాళీది తప్ప మిగతా మూడూ కూడా సరైనవి కావు. లోపల ఉన్న `1 << i` కూడా అలాగే చుట్టు తిరిగి వస్తుంది. `i` 32 అయినప్పుడు అది మళ్లీ 1, 33 అయినప్పుడు మళ్లీ 2. కాబట్టి మాస్క్ 1 అంటే మొదటి బిల్లు ఒక్కటే కావాల్సింది, మొదటిదీ ముప్పై మూడోదీ కలిపి కూడింది. మాస్క్ 2కి రెండోదీ ముప్పై నాలుగోదీ. మాస్క్ 3కి నాలుగూ. 1,717 కోట్ల సబ్‌సెట్లలో చూసింది ఇవి మూడూ, ఖాళీది ఒకటీ. ఓనరు మొదటి బిల్లు ఒక్కటే కట్టి ఉన్నా దొరికేది కాదు.

ఇది చెప్పగానే తెలిసినవాళ్లందరూ ఇచ్చే సలహా ఒకటే: "లాంగ్ పెట్టెయ్, అయిపోతుంది." అవ్వదు. `long total = 1 << n;` అని రాస్తే ఏమీ మారదు, ఎందుకంటే కుడివైపు లెక్క ముందు `int`లోనే జరిగి, ఆ 4 వచ్చి లాంగ్‌లో కూర్చుంటుంది. `1L << n` అని రాయాలి. అది రాసి `mask`ని `int`గానే వదిలేస్తే, అది 2147483647 దాకా వెళ్లి, తర్వాత మైనస్‌లోకి దూకి, మళ్లీ ఎక్కుతూ ఎప్పటికీ `total`ని చేరదు. ప్రోగ్రామ్ ఆగదు. అది కూడా లాంగ్ చేసి లోపల `1 << i` వదిలేస్తే ఇంకా ప్రమాదం. ముప్పై మూడో బిల్లు కావాలా అని అడిగితే మొదటి బిల్లు బిట్ చూసి జవాబు చెబుతుంది. లూపు పూర్తిగా తిరుగుతుంది, టైమూ పడుతుంది, కాబట్టి అనుమానం రాదు. మొత్తాలు మాత్రం తప్పు. మూడు చోట్లా మార్చాలి, మూడూ మార్చామని 31, 32, 33 బిల్లులతో పరీక్షించాలి.

సి ప్లస్ ప్లస్ వాళ్లకి ఆ మాత్రం భరోసా కూడా లేదు. అక్కడ 32 బిట్ల `int`ని 32 లేదా అంతకంటే ఎక్కువ జరిపితే ఫలితం ఇదీ అని భాష చెప్పదు. మామూలు కంప్యూటర్ మీద చాలాసార్లు ఇదే 4 వస్తుంది, కంపైలర్ ఆప్టిమైజ్ చేసినప్పుడు ఇంకోటి రావచ్చు. `-fsanitize=undefined` పెట్టి కంపైల్ చేసి నడిపితే షిఫ్ట్ ఎక్కువైందని ఆ లైను నంబరుతో సహా చూపిస్తుంది. నేర్చుకునే పిల్లలందరూ అది పెట్టుకోవాలి. పైథాన్‌లో అంకె ఎంతైనా పెరుగుతుంది కాబట్టి ఈ బగ్ రాదు, కానీ టైము సమస్య అలాగే ఉంటుంది.

ఆ టైము గురించే నా అసలు గొడవ. మూడు చోట్లా లాంగ్ పెట్టాక 34 బిల్లులకు లోపలి లూపు 58,000 కోట్ల సార్లు పైగా తిరగాలి. సెకనుకు వంద కోట్లు అనుకున్నా దాదాపు పది నిమిషాలు. 40 బిల్లులకు పన్నెండు గంటలు దాటుతుంది. అంటే లాంగ్ పెట్టడం వల్ల తప్పు జవాబు పోయి, రాని జవాబు వచ్చింది. నా దృష్టిలో అది మెరుగే, ఎందుకంటే ఆగిపోయిన ప్రోగ్రామ్ గురించి మనిషి ఫోన్ చేస్తాడు. కానీ దాన్ని పరిష్కారం అనకూడదు.

కాంపిటీషన్ ప్రాబ్లమ్‌లో `n ≤ 20` అని పైనే రాసి ఉంటుంది. అది చూసే బిట్‌మాస్క్ అని గుర్తుపడతాం, `1 << 20` అంటే పది లక్షల చిల్లర, ఏ ఇబ్బందీ లేదు. ఆ హద్దు ప్రాబ్లమ్ రాసినవాళ్లు ఇచ్చింది. ఐసు ఫ్యాక్టరీ బిల్లు పుస్తకం మీద ఎవరూ `n ≤ 20` అని రాయరు. ఇంటర్వ్యూ కోసం ఈ ట్రిక్‌ని వందసార్లు రాయించే సార్లు, ఆ హద్దు ఎవరు కాపాడుతున్నారో ఒక్కసారైనా చెప్పాలి కదా! లూపు పైన ఒక్క లైను చాలు:

```java
if (n > 25) throw new IllegalArgumentException("bills: " + n);
```

ఈ లైను ఉండి ఉంటే ఆగస్టులో గుమాస్తా గారికి ఎర్రర్ వచ్చేది, అదే రోజు నాకు ఫోన్ వచ్చేది, ఓనర్లకు ఫోన్లు వెళ్లేవి కావు.

తర్వాత బిల్లులను సగం సగం చేశాను. పదిహేడు ఒక వైపు, పదిహేడు ఒక వైపు. ఒక్కో వైపు 1,31,072 మొత్తాలు. కుడివైపువి వరసలో పెట్టి, ఎడమవైపు ఒక్కో మొత్తానికీ కట్టిన డబ్బులో ఇంకా ఎంత కావాలో అది కుడివైపు ఉందేమో బైనరీ సెర్చ్‌తో చూడటమే. పది నిమిషాల పని సెకనులో అయింది. అప్పుడు ఇంకో విషయం బయటపడింది: ఒకే పేమెంట్‌కి వేలకొద్దీ జతలు.

ఆలోచిస్తే అది తప్పదు. ఆ 34 బిల్లులూ కలిపితే సుమారు రెండు లక్షల రూపాయలు. రూపాయల్లో లెక్కేస్తే సాధ్యమయ్యే మొత్తాలు రెండు లక్షలే, సబ్‌సెట్లు 1,717 కోట్లు. ఒక్కో మొత్తానికి సగటున ఎనభై వేలకు పైగా సబ్‌సెట్లు పడతాయి. మేలో పన్నెండు బిల్లులప్పుడు 4,096 సబ్‌సెట్లే కాబట్టి, దొరికిన జత దాదాపు ఎప్పుడూ అసలైనదే అయింది. ముప్పై దాటాక కోడ్ ఎంత సరిగ్గా ఉన్నా ఆ ఎనభై వేలలో ఏది నిజమో అంకెలు చెప్పలేవు.

అది గుమాస్తా గారికి చెబితే ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "బోటు నంబరు వేసి పంపమందాం బాబూ, ఆళ్లకేటి కష్టం" అన్నారు. ఇప్పుడు ఓనర్లు పేమెంట్‌తో పాటు బోటు నంబరు పంపుతున్నారు. ఒక్కో బోటుకి ఏడెనిమిది బిల్లులు, ఎక్కువలో ఎక్కువ 256 సబ్‌సెట్లు. మేలో రాసిన ఆ రెండు లూపులే మళ్లీ నడుస్తున్నాయి, పైన ఆ ఒక్క లైనుతో.