4.83 ఒక్క రోజులో 4.71 ఎలా అవుతుంది? డెలివరీ ప్రొఫైల్ వెనుక లెక్క

ఆర్డర్ ఖరారైన కొద్దిసేపటికి ఫోన్ తెరపై ఒక చిన్న పెట్టె కనిపిస్తుంది. అందులో డెలివరీ చేసే మనిషి ఫొటో, పేరు, నక్షత్రం గుర్తు పక్కన 4.8 వంటి అంకె ఉంటాయి. కొన్ని యాప్‌లలో ‘ఆరేళ్లుగా’ అన్న మాటో, నమ్మకస్తుడని చెప్పే బ్యాడ్జో కూడా ఉంటుంది. చూసేవాళ్లు దీన్ని మనిషి గుణానికి ఇచ్చిన ధ్రువపత్రంగా చదువుకుంటారు. నిజానికి ఆ పెట్టెలోని ప్రతి అంకెకూ ఒక హారం ఉంది, ఆ హారం మాత్రం పెట్టెలో కనిపించదు. దేనిని దేనితో భాగించారో తెలియనంతవరకు ఆ అంకె మనిషి గురించి చెప్పేది చాలా తక్కువ అని నా వాదన.

రేటింగ్‌తో మొదలుపెడదాం. చాలా సంస్థలు మొత్తం సర్వీసును కాకుండా ఇటీవలి కొన్ని రేటింగుల సగటునే చూపుతాయి. ఉబర్ డ్రైవర్ల విషయంలో అది చివరి 500, డోర్‌డాష్ అనే డెలివరీ యాప్‌లో చివరి 100. ఇప్పుడు చివరి 100 రేటింగులను లెక్కించే యాప్‌లో పనిచేసే ఒక వ్యక్తిని ఊహించుకుందాం. అతనికి 92 మంది అయిదు, అయిదుగురు నాలుగు, ముగ్గురు ఒకటి ఇచ్చారు. మొత్తం 483, సగటు 4.83. ఒక రోజు భారీ వర్షం కురిసింది, వంటగదిలో ఆర్డర్లు పేరుకుపోయాయి, మూడు డెలివరీలు ఆలస్యమయ్యాయి. ముగ్గురు కస్టమర్లూ ఒక్కొక్క నక్షత్రం ఇచ్చారు. జాబితాలో అన్నిటికంటే పాతవైన మూడు అయిదులు బయటికి పోయి, వాటి స్థానంలో మూడు ఒకట్లు చేరాయి. మొత్తం 471కి దిగింది, సగటు 4.71 అయింది. బ్యాడ్జ్‌కు కావలసిన కనీస రేటింగ్ 4.75 అనుకుంటే, వాన పడిన ఆ ఒక్క సాయంత్రంతోనే బ్యాడ్జ్ పోయినట్టే.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఆ తర్వాత ఉంది. మర్నాటి నుంచి అతను ఎంత బాగా పనిచేసినా, కొత్తగా వచ్చిన అయిదు పాత అయిదు స్థానంలోకి వెళ్లినప్పుడు సగటులో ఏ మార్పూ ఉండదు. పాత నాలుగో, పాత ఒకటో జాబితా నుంచి జారిపోయినప్పుడే అంకె కాస్త పైకి వస్తుంది. వాన రోజు వచ్చిన మూడు ఒకట్లు పూర్తిగా తొలగాలంటే మరో 100 రేటింగులు రావాలి. ప్రతి ముగ్గురు కస్టమర్లలో ఒకరు మాత్రమే రేటింగ్ ఇస్తారనుకుంటే అందుకు 300 డెలివరీలు కావాలి, రోజుకు 15 చొప్పున చేసినా 20 పనిదినాలు. మంచిపనితో ఈ గడువును తగ్గించే దారి లేదు, ఎక్కువ గంటలు పనిచేసి రేటింగులను త్వరగా పోగు చేసుకోవడం ఒక్కటే మార్గం. అలసిపోయిన మనిషిని రోడ్డు మీద మరింతసేపు నిలబెట్టే లెక్క ఇది.

అదే వ్యక్తికి 4,000 రేటింగుల చరిత్ర ఉండి, సగటు దాని మీద తీసి ఉంటే, ఆ మూడు ఒకట్ల వల్ల తగ్గేది సుమారు 0.003 మాత్రమే. సంస్థలు చిన్న జాబితాను ఎంచుకోవడానికి కారణం లేకపోలేదు. ఇటీవల పని చెడిన వారిని పాత మంచిపేరు దాచిపెట్టకూడదు, తప్పు చేసినవారికి పాత మరక ఎన్నటికీ అంటుకుని ఉండకూడదు. ఆ ఉద్దేశాన్ని నేను కాదనను. అయితే ప్రొఫైల్‌లో ‘ఆరేళ్లుగా’ అన్న మాట పక్కనే 4.71 అని వేస్తే, చదివేవాళ్లు అది ఆరేళ్ల సగటు అనుకుంటారు. అది నిజానికి కొన్ని వారాల సగటు. ఆ రెండూ ఒకే వరుసలో ఉండటమే తప్పుదారి పట్టిస్తుంది.

ఆరేళ్లు అన్న మాట కూడా సాధారణంగా ఖాతా తెరిచిన తేదీ నుంచి వేసిన లెక్క. మధ్యలో రెండేళ్లు పని మానేసినా ఆ సంఖ్య పెరుగుతూనే ఉంటుంది. మరో సంస్థలో పదేళ్లు పనిచేసి ఇక్కడ నిన్న చేరిన వ్యక్తి మాత్రం కొత్తవాడిగానే కనిపిస్తాడు. చేసిన డెలివరీల సంఖ్య దీనికంటే ఎంతో నిజాయితీ గల కొలత.

ఇక నమ్మకస్తత. తీసుకున్న ఆర్డర్లలో ఎన్ని పూర్తి చేశారు, బుక్ చేసుకున్న షిఫ్టులకు ఎన్నిసార్లు వచ్చారు అన్న శాతాల నుంచే ఈ మాట పుడుతుంది. టైరు పంక్చరైనా, దుకాణం మూసి ఉన్నా, ఒంట్లో బాగోలేకపోయినా, మనసు మార్చుకుని వదిలేసినా శాతం అదే మేరకు తగ్గుతుంది. కారణాన్ని నమోదు చేసే గడి లేనిచోట, ఉన్నా దాన్ని లెక్కలోకి తీసుకోనిచోట, ఈ శాతం కొలిచేది నమ్మకాన్ని కాదు, ఆటంకాలు లేని జీవితాన్ని.

దీని మీద కోర్టు తీర్పు కూడా ఉంది. ఇటలీలోని బొలోన్యా న్యాయస్థానం 2020 డిసెంబర్ 31న డెలివరూ సంస్థ ర్యాంకింగ్ విధానంపై ఉత్తర్వు ఇచ్చింది. అప్పటి విధానంలో రైడర్లకు నమ్మకస్తత, రద్దీవేళల్లో పాల్గొనడం అన్న రెండు సూచికలు ఉండేవి. అవి బాగున్నవారికి వారం షిఫ్టుల్ని ముందుగా ఎంచుకునే వీలుండేది, తక్కువగా ఉన్నవారికి మిగిలినవే దక్కేవి. బుక్ చేసుకున్న షిఫ్టును ముందుగా రద్దు చేయకుండా రాకపోతే మొదటి సూచిక పడిపోయేది. జబ్బు చేసినా, సమ్మెలో పాల్గొన్నా, ఇంటి దగ్గర పిల్లలను చూసుకోవలసి వచ్చినా ఫలితం ఒకటే. కారణాలను తెలుసుకోకుండా అందరినీ ఒకేలా చూడటమే పరోక్ష వివక్ష అవుతుందని కోర్టు తేల్చింది. అందరికీ ఒకే సూత్రం కాబట్టి న్యాయమే కదా అని తరచూ వినిపించే వాదనకు నేను చూసిన వాటిలో ఇదే గట్టి జవాబు.

ప్రొఫైల్‌ను బాగుచేయడం సాంకేతికంగా పెద్ద పనేమీ కాదు. సగటు పక్కన ‘చివరి 100 రేటింగుల మీద’ అని రాయాలి. మొత్తం డెలివరీల సంఖ్యను వేయాలి. పూర్తి చేసిన శాతం నుంచి దుకాణం వల్ల, కస్టమర్ వల్ల ఆగిపోయినవాటిని తీసివేయాలి, ఆ నిర్ణయంతో ఏకీభవించకపోతే మనిషితో మాట్లాడి సరిదిద్దించుకునే వీలు పనివారికి ఉండాలి. వంట ఆలస్యమైన ఆర్డరుకు వచ్చిన ఒకటి నక్షత్రాన్ని రైడర్ ఖాతాలో వేయకుండా ఉండటానికి కావలసిన సమాచారం సంస్థల దగ్గర ఇప్పటికే ఉంది. రైడర్ దుకాణానికి ఎన్ని గంటలకు చేరాడో, పార్సిల్ చేతికి ఎప్పుడు అందిందో యాప్ నమోదు చేస్తూనే ఉంటుంది.

చివరిగా, ఈ చరిత్ర ఎవరిది అన్న ప్రశ్న. ఒక సంస్థలో ఐడీ బ్లాక్ అయితే వేల డెలివరీల రికార్డు దానితోపాటే పోతుంది. ఐరోపా సమాఖ్య యాప్‌ల ద్వారా పనిచేసేవారి కోసం 2024లో తెచ్చిన ప్లాట్‌ఫాం పని ఆదేశం, రేటింగులు, సమీక్షలతో సహా తమ పని సమాచారాన్ని వెంట తీసుకువెళ్లే హక్కును పనివారికి ఇచ్చింది. సభ్యదేశాలు దీన్ని తమ చట్టాల్లోకి తేవడానికి గడువు 2026 డిసెంబర్ 2. అయితే ఒక యాప్ చివరి 100 మీద లెక్కించిన 4.71ను, చివరి 500 మీద లెక్కించే మరో యాప్‌లో పెడితే ఆ అంకెకు అర్థమే మారిపోతుంది. పనివారికి చేతికివ్వవలసింది సగటు కాదు, తేదీలతో, కారణాలతో సహా ఒక్కొక్క రేటింగూ ఉన్న పూర్తి జాబితా.