బావ బొటనవేలు మింగిన మైనస్

మేనకోడలికి బడిలో కంప్యూటర్ బేసిక్స్ వర్క్‌షీటు ఇచ్చారు. జిరాక్సుకి జిరాక్సు తీసిన కాగితం అది. దాన్ని బావ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఫొటో తీసి, ఆదివారం రాత్రి భోజనాల వేళకు నాకు పంపారు. వెంటనే అక్క ఫోను. "నీకు వెన్నతో పెట్టిన విద్యే కదరా, గబగబా చెప్పెయ్." స్పీకరులో పెట్టిందని నాకు చెప్పలేదు. ఆ ఇంట్లో ఆ రాత్రి చుట్టాలు కూడా ఉన్నారని అసలే చెప్పలేదు.

ప్రశ్న సులువే. 8 బిట్లలో, అంటే ఎనిమిది సున్నాలూ ఒకట్లలో, కంప్యూటర్లు మైనస్ సంఖ్యలు రాసుకునే టూస్ కాంప్లిమెంటు పద్ధతిలో ఉన్న ఒక రుణసంఖ్యను ఎనిమిది ఆధారంగా లెక్కించే ఆక్టల్‌లోకి, పదహారు ఆధారంగా లెక్కిస్తూ తొమ్మిది దాటాక A నుంచి F దాకా అక్షరాలు వాడే హెక్సాడెసిమల్‌లోకి మార్చి, చివర మామూలు అంకెల్లో విలువ రాయాలి. ఫొటోలో నాకు కనబడిన సంఖ్య 1010110. కుడివైపు నుంచి మూడేసి చొప్పున విడగొడితే 1 010 110, అంటే ఆక్టల్‌లో 126. నాలుగేసి చొప్పున అయితే 101 0110, హెక్సాలో 56. విలువ 64 + 16 + 4 + 2, అంటే 86.

ఇక్కడే నా గొంతు పెరిగింది. రుణసంఖ్య అన్నారు, మైనస్ ఎక్కడ? 8 బిట్లు అన్నారు, ఉన్నవి ఏడు. ఎనిమిదోది ముందు వదిలేసిన సున్నా అయి ఉంటుంది. ముందు సున్నా ఉంటే టూస్ కాంప్లిమెంటులో అది ధనసంఖ్యే. "ప్రశ్నే తప్పు అమ్మా, మీ టీచరు చూసుకోలేదు" అని తీర్పు చెప్పేశాను. అంతటితో ఊరుకోకుండా ఎడమ చివరి బిట్టు మహిమ మీద ఉపన్యాసం అందుకున్నాను. మిగతా బిట్ల విలువలన్నీ కలుపుకోవలసినవే, ఆ ఒక్కదాని విలువ మాత్రం మైనస్ 128. అది 1 అయితేనే సంఖ్య సున్నాకు దిగువకు పోతుంది. అవతల నిశ్శబ్దం. శ్రద్ధగా వింటున్నారనుకున్నాను. అక్క ఆ మాటలను యథాతథంగా తరగతి గ్రూపులో పెడుతోందట: "ప్రశ్న తప్పు. మా తమ్ముడు సాఫ్ట్‌వేరు ఇంజనీరు."

కాసేపటికి మేనకోడలు నెమ్మదిగా అంది. "మామయ్యా, నాన్న వేలు కింద ఇంకో ఒకటి ఉంది."

ఫొటో పెద్దది చేసి చూశాను. ఎడమ అంచున గోధుమరంగులో ఉన్నది కాగితం మీది మరక కాదు, బావ బొటనవేలు. గోరు కూడా స్పష్టంగా కనబడుతోంది. అసలు సంఖ్య 11010110.

ఆ వేలు కుడి చివర పడి ఉంటే ఇంత పరువు పోయేది కాదు. అటువైపు ఒక్క బిట్టు పోతే జట్లన్నీ ఒక్కసారిగా జరిగిపోతాయి. ఆక్టల్ 153 అవుతుంది, హెక్సా 6B అవుతుంది. అసలు జవాబులతో పోల్చిన వారికెవరికైనా ఎక్కడో మొదలే తేడా కొట్టిందని తెలిసిపోతుంది. ఎడమ బిట్టు పోతే మాత్రం చడీచప్పుడూ ఉండదు. అసలు ఆక్టల్ 326, నేను చెప్పింది 126. అసలు హెక్సా D6, నేను చెప్పింది 56. తోకలన్నీ సరిగ్గానే ఉన్నాయి, తల ఒక్కటే మారింది. విలువ మాత్రం 86 నుంచి 128 తగ్గి మైనస్ 42కి పడిపోయింది. బిట్లన్నీ తిరగేస్తే 00101001, దానికి ఒకటి కలిపితే 00101010, అంటే 42. అనుమానమే లేదు. కాగితంలో ఎనిమిది బిట్లుంటే, ఏ బిట్టు మహిమ గురించి నేను గొంతు చించుకున్నానో సరిగ్గా దాని మీదే ఆయన వేలు పెట్టారు. పక్కన రెండంగుళాల ఖాళీ మార్జిన్ ఉంది, పట్టుకోవడానికి అది పనికిరాలేదు.

"అన్నీ సున్నాలూ ఒకట్లే కదా, అందులో ఏది ముఖ్యమో నాకేం తెలుసు?" అన్నారు బావ. వెనుక ఎవరో పెద్దాయన పకపకా నవ్వారు.

ఈలోగా గ్రూపులో టీచరు జవాబు వచ్చింది. "దయచేసి వేలు తీసి చూడండి సార్." కింద చేతులు జోడించిన బొమ్మ. ఆ బొమ్మే ఎక్కువ గుచ్చుకుంది. ఆ ప్రశ్నలను టైపు చేసి పంపి ఉంటే వేలు పెట్టడానికి చోటే ఉండేది కాదని రాయబోయాను. అక్క వద్దంది.

తరువాతి ప్రశ్నలో అదే మైనస్ 42ని హెక్సాలో రాయమన్నారు, ఎన్ని బిట్లలోనో చెప్పలేదు. 8 బిట్లలో D6, 16 బిట్లలో అయితే ముందు ఎనిమిది ఒకట్లు చేరి FFD6. ఎన్ని బిట్లో రాసిన వరుస కాగితం మడత లోపల ఉందేమో చూడమన్నాను. మడత లేదట. రెండు జవాబులూ రాయించి, బిట్ల సంఖ్య అడుగుతూ గ్రూపులో పెట్టమన్నాను. టీచరు చదివినట్టు నీలం గీతలు పడ్డాయి. జవాబు మాత్రం ఇంకా రాలేదు.